రిష్తా బయోడేటా: చూడ్డానికి అందంగా ఉంది, చదవడానికే రావట్లేదు

షవ్వాల్ నెల వచ్చిందంటే రిష్తాల గ్రూపులు మళ్లీ వేడెక్కుతాయి. కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాద్, హైదరాబాద్ పాతబస్తీ... ఎక్కడైనా ఇదే వరస. ఒకప్పుడు సంబంధాలు కుదిర్చే ఖాలా చేతిసంచిలో ఉండే కాగితాలు ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటోలై తిరుగుతున్నాయి. గులాబీ పూల అంచు, పైన బంగారు రంగులో బిస్మిల్లా, ఎడమవైపు వివరాలు, కుడివైపు అమ్మాయి లేదా అబ్బాయి ఫొటో, అట్టడుగున ఫోన్ నంబరు. డీటీపీ షాపులో చేయించినా, ఫోన్లో యాప్‌తో చేసుకున్నా రూపం ఇంచుమించు ఇదే.

ఈ బయోడేటా రెండు రకాల మనుషులకు అందడం లేదు. నలభై దాటి, దగ్గరి చూపు తగ్గి, చిన్న ఫోన్ వాడే అమ్మీలు, అబ్బాలు మొదటివాళ్లు. సంబంధం నిజంగా ఖాయం చేసేది వాళ్లే. రెండోవాళ్లు చూపు లేనివాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు సమస్య ఉన్నవాళ్లు దాదాపు 50 లక్షల మంది. వాళ్లలో స్మార్ట్‌ఫోన్ వాడేవాళ్లు స్క్రీన్ రీడర్‌తో నడిపిస్తారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని పేరు టాక్‌బ్యాక్, ఐఫోన్లో వాయిస్‌ఓవర్. తెర మీద ఉన్న అక్షరాలను అది గొంతుతో చదివి వినిపిస్తుంది. అక్షరాలు ఉంటేనే చదువుతుంది. ఫొటో వస్తే పంపినవారి పేరు, ‘ఫొటో’ అనే మాట, టైము చెప్పి ఊరుకుంటుంది.

దీని అర్థం ఏమిటో ఒక ఇంట్లో ఊహించుకుంటే తెలుస్తుంది. చూపు లేని అమ్మాయికి సంబంధం వచ్చింది. అబ్బాయి బయోడేటా ఫొటోగా వచ్చింది. ఆమె అన్న దాన్ని చదివి వినిపిస్తాడు. అబ్బాయికి ఇది రెండో పెళ్లి అని ఉన్న లైన్ అన్న చదవకుండా దాటేస్తే ఆమెకు తెలిసే దారి లేదు. దురుద్దేశం ఉండక్కర్లేదు, హడావిడిలో కూడా అలా జరగొచ్చు. నికాహ్‌లో అమ్మాయి ఒప్పుకోలు తప్పనిసరి అని అందరికీ తెలుసు. కానీ ఏ కాగితం చూసి ఒప్పుకోవాలో ఆ కాగితమే ఆమె చెవిదాకా పూర్తిగా చేరడం లేదు. ఇంకో వైపు నుంచి చూసినా అంతే. తన గురించి బయటికి వెళ్తున్న బయోడేటాలో ఏం రాశారో ఆమె స్వయంగా సరిచూసుకోలేదు.

ఈ విషయం ఇప్పుడు చర్చకు రావడానికి కారణం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. బ్యాంకులు, మొబైల్ కంపెనీలు అడిగే కేవైసీలో కన్ను ఆర్పమనడం, తెర మీద చూసి సంతకం చేయమనడం వంటివి యాసిడ్ దాడి బాధితులకు, చూపు లేనివాళ్లకు అడ్డుగోడలవుతున్నాయన్న పిటిషన్లపై 20 ఆదేశాలు ఇచ్చింది. ఆ తీర్పు ప్రభుత్వానికి, నియంత్రణ సంస్థలకు సంబంధించినది. ఇంటి బయోడేటాను ఏ కోర్టూ అడగదు, అడగకూడదు కూడా. కానీ బ్యాంకు తలుపు తెరుచుకుంటున్న రోజుల్లో సొంత ఇంటి కాగితం మాత్రం మూసే ఉండటం ఆలోచించాల్సిన సంగతే.

ముందు చిన్న తెర లెక్క చూద్దాం. బయోడేటాను సాధారణంగా ఏ4 కాగితం సైజులో తయారు చేస్తారు. ఆ కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. ఫోన్ తెర వెడల్పు ఆరున్నర, ఏడు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే పేజీ మూడో వంతుకు కుంచించుకుపోతుంది. కాగితం మీద 12 పాయింట్ల అక్షరం ఫోన్లో 4 పాయింట్లు అవుతుంది. దినపత్రికలో వార్త అక్షరాల్లో అది సగం కూడా ఉండదు. ఇంగ్లిష్‌లో ఆ సైజులో కూడా కళ్లు చిట్లించి ఎలాగో చదవొచ్చు. తెలుగులో అలా కుదరదు. వత్తులు, గుణింతాలు అక్షరం కిందా పైనా చేరి ఉంటాయి కాబట్టి ముందు చెదిరిపోయేవి అవే. వాట్సాప్ ఫొటోను పంపేటప్పుడు కుదించి పంపుతుంది. దాన్ని సేవ్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి, మళ్లీ మళ్లీ పంపేసరికి ‘ప’ వత్తు ఏదో ‘వ’ వత్తు ఏదో తేలదు. నస్తాలిక్ ఉర్దూలో అయితే చుక్కలు మాయమవుతాయి. చుక్క పోతే అక్షరమే మారిపోతుంది.

వేళ్లతో పెద్దది చేసి చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు. అప్పుడు లైన్‌లో సగమే తెర మీద ఉంటుంది. కుడికి జరిపి చదివి, మళ్లీ ఎడమకు వచ్చి కింది లైన్ వెతుక్కోవాలి. రెండు వరసల్లో ఉన్న బయోడేటాలో తండ్రి ఉద్యోగం అబ్బాయి ఉద్యోగంగా చదివేసే పొరపాటు ఇలాగే జరుగుతుంది. అమ్మీ ఫోన్లో సెట్టింగ్స్‌కి వెళ్లి అక్షరాలు పెద్దవి పెట్టి ఇచ్చినా లాభం లేదు. ఆ సెట్టింగ్ మెసేజ్‌గా వచ్చిన అక్షరాలనే పెంచుతుంది, ఫొటో లోపలి అక్షరాలను ముట్టుకోదు.

పీడీఎఫ్ పంపితే సమస్య తీరుతుందా? సగం తీరుతుంది, అదీ కొన్నిటికే. యూనికోడ్ తెలుగులో టైప్ చేసిన పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్ చాలావరకు చదవగలదు, కానీ పేజీ మాత్రం ఏ4గానే ఉంటుంది కాబట్టి చిన్న తెర ఇబ్బంది తప్పదు. డీటీపీ షాపుల్లో చాలాకాలంగా వాడుతున్న అను ఫాంట్లతో వచ్చే చిక్కు వేరు. వాటిలో కంటికి కనిపించేది తెలుగు, లోపల దాగి ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్. స్క్రీన్ రీడర్ లోపలి కోడ్‌నే చదువుతుంది. వినేవాళ్లకు అర్థం లేని ఇంగ్లిష్ ముక్కలు వినిపిస్తాయి. పాత ఇన్‌పేజ్‌లో చేసిన ఉర్దూదీ ఇలాంటి కథే. తెలుసుకోవడం తేలిక. పీడీఎఫ్‌లో ఒక లైన్ మీద వేలు నొక్కి పట్టి కాపీ చేసి, ఎవరికైనా మెసేజ్ రాసేచోట పేస్ట్ చేయాలి. తెలుగు తెలుగుగా వస్తే సరే. పిచ్చి గుర్తులు వస్తే ఆ పీడీఎఫ్ చూపు లేనివాళ్లకు ఫొటోతో సమానం. అసలు ఏదీ సెలెక్ట్ కాకపోతే అది స్కాన్ చేసిన ఫొటోనే.

గూగుల్ లెన్స్ లాంటివి ఫొటోలోంచి అక్షరాలు లాగుతాయి, నిజమే. శుభ్రమైన అచ్చు అయితే తెలుగు బాగానే వస్తుంది. పూల మీద బంగారు అక్షరాలు, నాలుగుసార్లు కుదించిన ఫొటో అయితే పేర్లు, ఫోన్ అంకెలు తప్పుగా వస్తాయి. వేరే మాటలు కాస్త తప్పు వచ్చినా అర్థమవుతాయి కానీ ఫోన్ నంబరులో ఒక్క అంకె తప్పితే సంబంధం అక్కడితో ఆగిపోతుంది.

కాబట్టి దారి ఒకటే. బయోడేటా ముందు మామూలు మెసేజ్‌గా, అక్షరాల్లో వెళ్లాలి. పూల అంచుల ఫొటో కావాలంటే దాని వెనక వెళ్లొచ్చు. అయితే మెసేజ్‌గా రాసినంత మాత్రాన పని అయిపోయిందనుకోవడానికి లేదు. గ్రూపుల్లో మెసేజ్‌గా వచ్చే బయోడేటాలు కూడా చెవికి చిత్రవధగా ఉంటున్నాయి.

మొదటి లైన్ నుంచే చూద్దాం. బిస్మిల్లా మొత్తాన్ని ఒకే గుర్తుగా పెట్టే అక్షరం ఒకటి ఉంది, ﷽. యూనికోడ్‌లో ఇది ఒక్క అక్షరం కింద లెక్క. చిన్న తెర మీద ఇది ఇరుక్కుని నల్లటి గీతలా కనిపిస్తుంది, కొన్ని ఫోన్లలో పక్కకు పొంగిపోతుంది. తెలుగు గొంతు పెట్టుకున్న స్క్రీన్ రీడర్ దాన్ని మౌనంగా దాటేయొచ్చు, లేదా ఇంగ్లిష్‌లో దాని సాంకేతిక పేరు చదవొచ్చు. 786 అని రాస్తే ‘ఏడు వందల ఎనభై ఆరు’ అని వినిపిస్తుంది. బిస్మిల్లా హిర్రహ్మానిర్రహీమ్ అని తెలుగు అక్షరాల్లో రాస్తే కంటికీ చెవికీ సరిగ్గా చేరుతుంది. పవిత్రమైన మాటను పద్ధతిగా పలికించడానికి ఇంతకన్నా సులువు లేదు.

ఆ తర్వాత అలంకారాలు. ‘బయోడేటా’ అనే మాటను ఇంగ్లిష్‌లో వంకీల అక్షరాలతో రాసే యాప్‌లు ఉన్నాయి. అవి నిజానికి ఫాంట్లు కావు. గణితంలో వాడటానికి యూనికోడ్‌లో పెట్టిన ప్రత్యేక గుర్తులు. కంటికి ‘బి’ లా కనిపించేదాన్ని స్క్రీన్ రీడర్ ‘మ్యాథమెటికల్ బోల్డ్ క్యాపిటల్ బి’ అని చదువుతుంది, కొన్ని అసలు చదవవు. పేరును అలా రాస్తే పేరే వినపడదు. వాట్సాప్‌లో మాటకు అటూ ఇటూ చుక్కగుర్తు, అంటే * పెడితే బోల్డ్ వస్తుంది. అందులో అక్షరం మారదు కాబట్టి పర్వాలేదు. వరసగా పెట్టిన పూల ఎమోజీలదీ అదే బాధ. పది గులాబీలు పెడితే వాటి పేరు పదిసార్లు వినాల్సి రావొచ్చు. లైన్లు విడదీయడానికి గీతలు గీయక్కర్లేదు, ఒక ఖాళీ లైన్ వదిలితే చాలు.

వివరాలను రెండు వరసల్లో సర్దడానికి మధ్యలో చుక్కలు, ఖాళీలు పెట్టడం మనకు అలవాటు. టైప్ చేసిన ఫోన్లో చక్కగా నిలువుగా కనిపిస్తుంది. అక్షరాలు పెద్దవి పెట్టుకున్న ఫోన్లో సగం కింది లైన్‌లోకి జారి ఏది దేనికి జవాబో తెలియదు. చుక్కలు పెడితే స్క్రీన్ రీడర్ ‘డాట్ డాట్’ అనొచ్చు. పేరు, కోలన్, ఒక ఖాళీ, జవాబు. అంతే చాలు.

కంటికి అలవాటైన కురచ రాతలు కూడా చెవికి అందవు. 5'4" అని రాస్తే గుర్తులు ఎగిరిపోయి ‘ఐదు నాలుగు’ అని మాత్రమే వినిపించొచ్చు. 5 అడుగుల 4 అంగుళాలు అని రాయాలి. 03/07/1999 అంటే మార్చి ఏడా, జూలై మూడా? అమెరికాలో ఉన్న అబ్బాయి కుటుంబం ఒకలా, ఇక్కడివాళ్లు ఒకలా చదువుకుంటారు. 3 జూలై 1999 అంటే తగాదా లేదు. S/o, D/o అన్నవి ‘ఎస్ స్లాష్ ఓ’ అవుతాయి. తండ్రి అని రాస్తే అయిపోయేదానికి ఈ కోర్టు భాష దేనికో!

ఉర్దూ, తెలుగు కలిపి రాసే కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఉర్దూ లైన్ మధ్యలో ఫోన్ నంబరును ఐదంకెలు, ఖాళీ, ఐదంకెలుగా రాస్తే తెర మీద మొదటి ముక్క కుడివైపు, రెండో ముక్క ఎడమవైపు పడుతుంది. ఎడమ నుంచి చదివేవాళ్లకు నంబరు తలకిందులవుతుంది. రాసినవాళ్ల తప్పు కాదు, చదివినవాళ్ల తప్పూ కాదు, కానీ ఫోన్ మాత్రం వేరే ఎవరింట్లోనో మోగుతుంది. నంబరును విడిగా ఒక లైన్‌లో, పది అంకెలూ కలిపి రాస్తే ఈ గొడవ ఉండదు. పైగా ఆ నంబరు మీద నొక్కితే కాల్ వెళ్తుంది. ఫొటోలోని నంబరైతే గుర్తుపెట్టుకుని కొట్టుకోవాలి.

గొంతు విషయంలోనూ ఇదే జాగ్రత్త. టాక్‌బ్యాక్ మామూలుగా ఒక్క భాష గొంతుతో చదువుతుంది. తెలుగు గొంతు పెట్టుకుంటే ఉర్దూ లిపిని పలకలేక దాటేస్తుంది. ఐఫోన్ లిపిని బట్టి గొంతు మార్చే ప్రయత్నం చేస్తుంది, అదీ ప్రతిసారీ కుదరదు. అందుకే ఒకే లైన్‌లో రెండు లిపులు కలపకుండా, తెలుగు బయోడేటా ఒక మెసేజ్‌గా, ఉర్దూది ఇంకో మెసేజ్‌గా పంపడం మేలు. ఎవరికి కావాల్సింది వాళ్లు వింటారు. ఒక చిన్న ఇబ్బంది మాత్రం మిగులుతుంది. ఫాతిమా, జహీర్, ఖమర్ వంటి పేర్లలోని ఉర్దూ ధ్వనులు తెలుగు గొంతులో కొంచెం వంకరగానే వస్తాయి. పేరును పక్క లైన్‌లో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో ఒకసారి రాస్తే పాస్‌పోర్టులో ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది.

ఇక ఏది ముందు, ఏది వెనక. పొడుగు మెసేజ్‌ను వాట్సాప్ మధ్యలో మడిచి ‘ఇంకా చదవండి’ అని చూపిస్తుంది. నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. స్క్రీన్ రీడర్ వినేవాళ్లు మొదటి లైన్ విని అక్కర్లేకపోతే తర్వాతి మెసేజ్‌కి వెళ్లిపోతారు, కళ్లున్నవాళ్లు పైపైన చూసి జరిపేసినట్టే. కాబట్టి మొదటి లైన్‌లోనే అమ్మాయా అబ్బాయా, వయసు, చదువు, ఊరు వచ్చేయాలి. వంశం గొప్పలు, తాతగారి హోదా తర్వాత.

ఒక నమూనా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఇది ఎవరి బయోడేటా కాదు, ఊహించి రాసింది.

బిస్మిల్లా హిర్రహ్మానిర్రహీమ్
అమ్మాయి బయోడేటా. వయసు 26, ఎం ఫార్మసీ, కర్నూలు.

*అమ్మాయి వివరాలు*
పుట్టిన తేదీ: 3 జూలై 1999
ఎత్తు: 5 అడుగుల 4 అంగుళాలు
ఉద్యోగం: ప్రైవేటు ఆసుపత్రిలో ఫార్మసిస్టు
ఇంటి భాష: ఉర్దూ, తెలుగు

*కుటుంబం*
తండ్రి: రిటైర్డ్ టీచర్
తల్లి: గృహిణి
ఒక అన్న, పెళ్లయింది. ఒక చెల్లెలు, డిగ్రీ చదువుతోంది.

*కోరుకునే సంబంధం*
డిగ్రీ చదివి, ఉద్యోగం లేదా వ్యాపారం చేసే అబ్బాయి. పెళ్లి తర్వాత అమ్మాయి ఉద్యోగం చేస్తుంది.

మాట్లాడాల్సినవారు: అమ్మాయి మామూ
ఆ కింది లైన్‌లో ఆయన నంబరు, పది అంకెలూ కలిపి.

ఇంతే. ఇరవై లైన్లు కూడా లేదు. పెద్ద అక్షరాలు పెట్టుకున్న అమ్మీ ఫోన్లో రెండు, మూడుసార్లు పైకి జరిపితే పూర్తవుతుంది. స్క్రీన్ రీడర్‌లో అయితే ఒకటి, రెండు నిమిషాల్లో వినేయొచ్చు.

పంపే ముందు పరీక్షించడం కూడా కష్టం కాదు. ఆ మెసేజ్‌ను ఇంట్లోనే ఇంకొకరికి పంపి, ఆ ఫోన్లో అక్షరాల సైజును చివరిదాకా పెంచి చూడాలి. ఆ తర్వాత వినాలి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ‘సెలెక్ట్ టు స్పీక్’ ఉంటుంది, ఎంచుకున్న భాగాన్ని చదివి వినిపిస్తుంది. ఐఫోన్లో దానికి ‘స్పీక్ స్క్రీన్’ ఉంది. తెలుగు గొంతు ముందే దింపుకుని ఉండాలి. నేరుగా టాక్‌బ్యాక్ ఆన్ చేసి చూడాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అది ఆన్ అయ్యాక ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుస్తుంది. ఇది తెలియక ఫోన్ పాడైందని షాపుకు పరిగెత్తినవాళ్లు ఉన్నారు.

ఇదంతా విన్నాక ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. అక్షరాల్లో రాస్తే ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చేయొచ్చు, ఎక్కడైనా పెట్టేయొచ్చు, ఫొటో అయితే కాస్త భద్రం కదా? ఈ భయం తీసిపారేసేది కాదు. కానీ ఫొటో ఇచ్చే భద్రత తక్కువే. ఫార్వర్డ్ చేయడానికి ఫొటోకూ మెసేజ్‌కూ తేడా లేదు. పైగా ఇప్పుడు తిరుగుతున్న బయోడేటా ఫొటోల్లో అమ్మాయి ముఖం, పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు అన్నీ ఒకేచోట ఉంటున్నాయి. అది ఒక్కసారి బయటికి పోతే మొత్తం పోయినట్టే. అక్షరాల బయోడేటాలో ముఖం ఉండదు. ఇంటి నంబరు, వీధి పేరు తీసేసి ఊరు మాత్రమే రాయొచ్చు. అమ్మాయి ఫోన్ బదులు ఇంటి పెద్ద ఒకరిది ఇవ్వొచ్చు. మాటలు కలిశాక, అడిగినవాళ్లకు మాత్రమే ఫొటోను విడిగా, ఒక్కసారే కనిపించే ‘వ్యూ వన్స్’ పద్ధతిలో పంపొచ్చు. దాన్ని కూడా ఇంకో ఫోన్‌తో ఫొటో తీసే వీలుంటుంది కాబట్టి పూర్తి భరోసా కాదు, అయినా వందమంది గ్రూపులో వేసినదానికన్నా నయం.

ఫొటోను చూడలేనివాళ్ల కోసం ఫొటో కింద క్యాప్షన్ రాసే చోటు ఉంది. స్క్రీన్ రీడర్ దాన్ని చదువుతుంది. ‘అమ్మాయి ఫొటో, ఈ నెలలో తీసింది’ అని ఒక్క లైన్ రాసినా వచ్చింది ఏమిటో వాళ్లకు తెలుస్తుంది. పూల అంచుల బయోడేటాను ఎలాగైనా పంపాల్సిందే అని ఇంట్లో పెద్దలు పట్టుబడితే, పైన ఉన్న ఇరవై లైన్లను దాని క్యాప్షన్‌లోనే పెట్టేయొచ్చు. ఫార్వర్డ్ చేసేటప్పుడు క్యాప్షన్ తీసేసే వీలుంది కాబట్టి, దాన్ని ఉంచే పంపమని మొదటివాళ్లకు చెప్పాలి.

రిష్తాల గ్రూపులు నడిపేవాళ్ల చేతిలో ఇంకాస్త ఎక్కువ ఉంది. కొన్ని గ్రూపుల్లో ఇప్పటికే ఫలానా రోజు అమ్మాయిలవి, ఫలానా రోజు అబ్బాయిలవి అనే నియమాలు నడుస్తున్నాయి. వాటి పక్కన ఇంకో నియమం చేర్చడానికి ఖర్చేమీ లేదు: ఫొటో ఒక్కటే వస్తే తిప్పి పంపడం, అక్షరాల్లో వచ్చినదాన్నే గ్రూపులో వేయడం. ఖాళీ నమూనా ఒకటి గ్రూపు పైన పిన్ చేసి పెడితే, రాయడం రానివాళ్లు కూడా దాన్ని కాపీ చేసుకుని జవాబులు నింపి పంపుతారు.